రీడింగు గారి కిలోమీటర్లు

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటు మీటర్లు చదివాడు. వీధిలో ఆయన్ని అందరూ రీడింగు గారనే పిలిచేవారు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి, పెన్షన్ ఆఫీసుకి తప్ప ఎవరికీ పట్టలేదు. రిటైరై ఆరేళ్ళు దాటినా పిలుపు మారలేదు.

రిటైరైనవాళ్ళ గురించి రాయడానికి కూర్చున్నవాళ్ళు వాళ్ళకి ఎక్కడలేని ప్రశాంతతా అంటగడతారు. ఈయనకి అలాంటిదేమీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి, నిద్ర పట్టని మధ్యాహ్నాలున్నాయి, పదకొండేళ్ళ కారు ఒకటుంది. కూతురూ అల్లుడూ ఉన్న ఇంట్లో ఒక గది ఆయనది. ఊరి బయట వృద్ధుల హోంలో అక్కయ్య ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, పెళ్ళి మాటెత్తినవాళ్ళ లైను కట్ చేసి, తన పెన్షన్‌తో తనే ఆ హోంలో చేరింది. బస్సు ఆగేది అక్కడికి రెండు కిలోమీటర్ల ఇవతల. ఈయన మోకాళ్ళు ఆ రెండు కిలోమీటర్లకి ఒప్పుకోవు. కాబట్టి కారు ఉంటే అక్కయ్య ఉన్నట్టు, లేకపోతే ఫోన్లో గొంతు ఉన్నట్టు. సంగతి ఇంతే.

ఏటా ఒకసారి ఈ సంగతి బల్ల మీదకొచ్చేది. కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ ఉత్తరం వచ్చినప్పుడు.

"నాన్నా, వారంలో ఆరు రోజులు కారు గేటు పక్కన పడుంటుంది," అంది కూతురు ఉత్తరం చదివి. మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చదివింది, కూర్చుంటే లేవలేనని. "నడవని కారుకి ఇంత కట్టడం ఎందుకు? అమ్మేద్దాం. అత్తయ్య దగ్గరికి వెళ్ళాలంటే నెలకి రెండుసార్లు టాక్సీ పెట్టుకో."

"నెలకి రెండుసార్లా?"

"వారం వారం టాక్సీ అంటే కారు కంటే ఎక్కువవుతుంది. నువ్వే చెప్పు."

అల్లుడు మెల్లగా అందుకున్నాడు. "మామయ్యా, థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవచ్చు. మన కారు ఎవరికైనా తగిలి వాళ్ళకి నష్టమైతే దానికి సరిపోతుంది. చట్టం అడిగేదీ అదే. బాగా తక్కువవుతుంది."

"మన బండికి దెబ్బ తగిలితే?"

"మనమే పెట్టుకోవాలి."

"దొంగలు ఎత్తుకుపోతే?"

"ఈ కారునా?" అన్నాడు అల్లుడు. అని, మామగారి మొహం చూసి, మంచినీళ్ళు తాగాడు.

రీడింగు గారి లెక్క వేరు. బంపర్ విరిగిన రోజున ఆ ఖర్చు పెట్టుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. అప్పుడు కారు గేటు పక్క నుంచి నేరుగా తుక్కు కొట్టుకి పోతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవడమంటే కారుని వాయిదా మీద అమ్మడమే. ఆ మాట పైకి అనకుండా, "ఒక్కసారి ఆఫీసుకి వెళ్ళి అడిగొస్తాను," అన్నాడు.

"అడుగు," అంది కూతురు. "మూడోవంతైనా తగ్గితే ఉంచుకో. తగ్గకపోతే ఈ నెలాఖరుకి అమ్మేద్దాం. మళ్ళీ వచ్చే ఏడాది ఇదే గొడవ పడే ఓపిక నాకు లేదు నాన్నా."

ఇన్సూరెన్స్ ఆఫీసు ఒక టైర్ల షాపు మీద, మొదటి అంతస్తులో. మెట్ల మీద రబ్బరు వాసన. లోపల రెండు ఫ్యాన్లు, ఒకటి తిరుగుతోంది. కౌంటర్లో అమ్మాయి కారియర్ మూత సగం తీసి, ఆయన్ని చూసి మళ్ళీ పెట్టేసింది.

"తినమ్మా, నేను కూర్చుంటాను."

"పర్లేదు సార్. తినడం మొదలుపెడితేనే అందరూ వస్తారు, నాకు అలవాటే." కాగితాలు తీసుకుంది. "ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది సార్?"

ఆయన జీవితంలో ఇంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు. చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున కారు రీడింగు అందులో ఉంది, ఎవరూ అడగకపోయినా. ఉద్యోగంలో ఉండగా ఆయనకి ఒక్క పట్టింపు ఉండేది. తలుపు తాళం వేసుంటే మిగతావాళ్ళు టీ కొట్టు దగ్గర కూర్చుని పోయిన నెల చూసి సగటు రాసేసేవారు. ఈయన రాయలేదు. మెట్ల కింద చీకట్లో టార్చి వేసుకుని, బొద్దింకల్ని ఊదుకుంటూ, కుక్క అరుస్తుంటే దానితోనే మాట్లాడుతూ చదివేవాడు. 'అంచనా అనేది బద్ధకస్తుడి రీడింగు' అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాడు. వాళ్ళు ఆయన వెళ్ళాక నవ్వుకునేవారు.

"పోయిన ఏడాది మొత్తం రెండు వందల ఎనభై ఏడు," అన్నాడు.

"రెండు వేల..."

"వేలు కాదమ్మా. రెండు వందల ఎనభై ఏడు."

ఆ అమ్మాయి ఆయన వైపు చూసింది. "ఎంత తరచుగా తీస్తారు?"

"ఆదివారం ఆదివారం. మా అక్కయ్య దగ్గరికి."

"ఎంత దూరం?"

"ముప్పావుగంట."

దూరం అడిగితే సమయం చెప్పేవాళ్ళు ఆ కౌంటర్‌కి కొత్త కాదు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకపోవడానికి కారణం కూడా ఉంది. "కిలోమీటర్ల ప్లాన్ తీసుకోండి సార్. రెండు వేల ఐదొందలు, ఐదు వేలు, ఏడు వేల ఐదొందలు, ఇలా ఉంటాయి. ముందే ఎంచుకుంటారు. తక్కువ ఎంచుకుంటే తక్కువ కడతారు. మీకు ఎలాగూ అన్నిటికంటే చిన్నదే."

"ఇంకా చిన్నది లేదా? ఐదొందలది?"

"లేదు సార్. అంత తక్కువ తిరిగితే కారు కాదు, సోఫా."

ఆయన నవ్వాడు. ఇంటి బయట నవ్వి చాలా రోజులైంది. "అయితే మొత్తం బిల్లు తగ్గుతుందా?"

"మొత్తం కాదు. పాలసీలో రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ భాగం కారు బయటికి తీసినా తీయకపోయినా అంతే, అందులో పైసా తగ్గదు. మీ కారుకి జరిగే నష్టానికి కట్టే భాగం ఉంది చూడండి, తగ్గేది అందులో. మీరు ఇన్నేళ్ళూ క్లెయిమ్ చెయ్యలేదు కాబట్టి ఆ బోనస్ అలాగే ఉంటుంది. దాని మీద ఇది." కాలిక్యులేటర్ నొక్కి ఆయన వైపు తిప్పింది. మూడోవంతు కంటే కాస్త ఎక్కువే తగ్గింది.

"ఒక్క విషయం సార్, బాగా వినండి. కిలోమీటర్లు అయిపోతే ఆ తర్వాత మీ కారుకి జరిగే నష్టానికి మేము ఇవ్వం. థర్డ్ పార్టీ మాత్రం ఏడాదంతా ఉంటుంది. అయిపోకముందే అదనపు కిలోమీటర్లు కొనుక్కోవచ్చు. అయిపోయాక ఏదైనా జరిగితే, ఆ రోజు వచ్చి కొంటానంటే కుదరదు. ఇవాళ మీటర్ ఫోటో ఇస్తారు, ఆరు నెలలకి ఇంకోటి అడుగుతాం. క్లెయిమ్ వస్తే అప్పుడూ చూస్తాం."

"ఎవరు నడిపినా లెక్కేనా?"

"కారు లెక్క సార్, మనిషి లెక్క కాదు. చక్రం తిరిగిందా, మీటర్ తిరిగిందా, అంతే."

ఈ మాట ఆయనకి భక్తి పాట విన్నంత హాయిగా ఉంది. కిందకెళ్ళి కారు మీటరు ఫోటో తీశాడు, ఫోన్లో పంపాడు. అంకెలు ఆమే తన కంప్యూటర్లో ఎక్కించుకుంది.

ఆ సాయంత్రం కూతురు సోఫా మాట విని, కాగితం చూసి, "సరే," అంది. ఒక్క మాటే. దానితో కారు ఇంకో ఏడాది బతికింది.

తర్వాత ఆర్నెల్లు ఆయన బాగా బతికాడు. రెండు వేల ఐదొందలు చేతిలో ఉన్నాయి, తిరిగేది మూడొందలు కూడా కాదు. ఇంత మిగులు ఆయన జీతంలోనూ చూడలేదు, పెన్షన్లోనూ చూడలేదు. అక్కయ్యతో ఆ మాటే చెప్పాడు.

"అయితే మురిగిపోతాయా మిగిలినవి?" అంది ఆవిడ. రెండు కళ్ళకీ ఆపరేషనయ్యాక లోకాన్ని మళ్ళీ మొదటి నుంచి చూస్తున్న మనిషి.

"మురిగిపోతాయి."

"మరి తిప్పరా! నోరు తెరిచి అడగాలా?"

అప్పటి నుంచి ఆదివారం అక్కయ్యని ఎక్కించుకుని పాత రైల్వే గేటు దాకా, కొత్తగా వేసిన రింగురోడ్డు మీద కొంత దూరం, ఆవిడ ఒకప్పుడు పనిచేసిన ఎక్స్ఛేంజీ భవనం దాకా తిప్పడం మొదలైంది. ఆ భవనంలో ఇప్పుడు మంచాల షోరూం ఉంది. "నేను కూర్చున్నచోట డబుల్ కాట్ వేశారురా," అని ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. బుధవారాలు కూడా వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకసారి సబ్బుకి, ఒకసారి చెప్పులు కుట్టించడానికి, ఒకసారి ఏమీ లేకుండానే. తిరిగొచ్చేసరికి నడుము పట్టేసేది. అలిసిపోయి పడుకునేవాడు గానీ, పనికొచ్చే అలసట.

ఆరో నెల ఫోటో పంపిన రోజు సాయంత్రమే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ప్లాన్‌లో తొంభై రెండు శాతం వాడేశారు, ఇంకా నూట తొంభై కిలోమీటర్లు మాత్రమే మిగిలాయి, అదనంగా కావాలంటే ఇప్పుడే కొనండి అని.

ఆయన నోట్‌బుక్ తీశాడు. కొత్త పాలసీ రోజు 4186. ఇవాళ 4417. తేడా రెండు వందల ముప్పై ఒకటి. ఆయన లెక్కన ఇంకా రెండు వేల రెండొందల పైచిలుకు ఉండాలి. మళ్ళీ తీసివేత వేశాడు. మళ్ళీ అదే వచ్చింది.

ఉద్యోగంలో ఇలాంటివి ఎన్నో చూశాడు. ఇంట్లో రెండు బల్బులే అంటారు, బిల్లు పిండిమరకి వచ్చినట్టు వస్తుంది. అప్పుడు ఒకటే అర్థం: ఎవరో దొంగతనంగా లైను లాగుతున్నారు. రెండో తాళం చెవి ఎవరి దగ్గరుంది? అల్లుడి దగ్గర. ఆయన నోట్‌బుక్‌ని అనుమానించలేదు. ముప్పై ఏళ్ళు నమ్మినదాన్ని వదిలి, ఎనిమిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నవాణ్ణి అనుమానించాడు. మనలో చాలామంది చేసేది ఇదే. కాకపోతే మన దగ్గర నోట్‌బుక్ ఉండదు.

భోజనాల దగ్గర అన్నాడు. "కారు ఎవరో వాడుతున్నారు."

కూతురు గరిటె ఆపింది. "ఎవరు?"

"నన్నడుగుతావేం? రెండో తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళనడుగు. రెండు వేల కిలోమీటర్లు గాల్లో పోవు."

అల్లుడు తింటున్న ముద్ద మింగి, లేచి వెళ్ళాడు. తాళం చెవి తెచ్చి మామగారి కంచం పక్కన పెట్టాడు. "మామయ్యా, నేను మీ కారు చివరిసారి తోలింది మీకు కంటి చుక్కలు వేసిన రోజు. ఆ రోజు కూడా మీరే పక్కన కూర్చుని, గేరు అలా వెయ్యకు, ఇలా వెయ్యి అన్నారు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఏంటి నాన్నా ఇది?" అంది కూతురు. "ఆయన నీ మాట కాదని ఒక్కరోజైనా అన్నాడా?"

రీడింగు గారు కంచంలో మజ్జిగ పోసుకున్నాడు. తాళం చెవి తియ్యలేదు. మర్నాడు పొద్దున దాకా అది అక్కడే ఉంది.

పొద్దున్నే ఇన్సూరెన్స్ ఆఫీసుకెళ్ళాడు. ఈసారి రెండు ఫ్యాన్లూ తిరగడం లేదు. "మీ కంప్యూటర్ తప్పు," అన్నాడు కూర్చోకుండానే. అంతలోనే, "లేదా మా ఇంట్లో దొంగతనం. రెండిట్లో ఏదో తేల్చమ్మా."

ఆ అమ్మాయి వాదించలేదు. స్క్రీన్ ఆయన వైపు తిప్పి, రెండు ఫోటోలూ పక్కపక్కన తెరిచింది. ఎడమవైపు 41862. కుడివైపు 44172. "తేడా రెండు వేల మూడొందల పది సార్. ఫోటోలు మీరు తీసినవే. మూలన మీ బొటనవేలు కూడా పడింది."

ఆయన నోట్‌బుక్ తెరిచి పక్కన పెట్టాడు. 4186. 4417. ఆమె ఒకసారి స్క్రీన్ చూసింది, ఒకసారి నోట్‌బుక్.

"ఆఖరి అంకె ఏది సార్?"

"ఏ ఆఖరి అంకె?"

"ఇక్కడ ఐదు అంకెలున్నాయి. మీరు నాలుగే రాశారు."

"ఆఖరిది రాయం కదమ్మా," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "పాత మీటర్లలో ఆఖరి అంకె ఎర్రది. యూనిట్లో పదో వంతు. దాన్ని వదిలేసి..."

అక్కడ ఆగాడు.

కారు మీటరులో ఎర్ర అంకె లేదు. ఎప్పుడూ లేదు. పదకొండేళ్ళుగా ఆ అద్దం వెనక ఐదు అంకెలూ ఒకే రంగులో ఉన్నాయి. ఆయన కళ్ళు చదివాయి, చెయ్యి మాత్రం ముప్పై ఏళ్ళ అలవాటుతో ఒకటి వదిలేసింది. మిగతా నాలుగూ పొరపాటు లేకుండా, గుండ్రంగా, నీలం సిరాతో ఉన్నాయి. రెండు వందల ఎనభై ఏడు అనుకున్నది రెండు వేల ఎనిమిదొందల పైమాటే. వారానికి రాను పోను నలభై నాలుగు కిలోమీటర్లు, ఏడాదికి యాభై రెండు వారాలు, దారిలో బజారు పనులు అదనం. మూడో తరగతి పిల్లలు చేసే గుణకారం. అంచనా వెయ్యడం ఆయనకి నచ్చదు కాబట్టి అది ఒక్కసారి కూడా వెయ్యలేదు.

"నేనూ అడగాల్సింది సార్," అంది ఆ అమ్మాయి. "ముప్పావుగంట అన్నప్పుడు అనుమానం వచ్చింది. ఎలాగూ చిన్నదే తీసుకుంటున్నారని వదిలేశాను."

"నువ్వేం చేస్తావులే. మంచినీళ్ళున్నాయా?"

తాగాక ఆమె విడమరిచి చెప్పింది. మిగిలినవి నూట తొంభై. ఇంకో రెండు వేల ఐదొందలు కొనచ్చు, కారుకి దెబ్బ తగలకముందే, ఇవి అయిపోకముందే. మొదటే ఐదు వేల ప్లాన్ తీసుకుని ఉంటే పడేదానికంటే మొత్తం కాస్త ఎక్కువవుతుంది. మామూలు పాలసీ కంటే మాత్రం ఇప్పటికీ తక్కువే. "కానీ మూడోవంతు ఆదా ఉండదు. ఆరో వంతు, అంతకంటే రాదు."

"వద్దనుకుంటే?"

"నూట తొంభై అంటే మీకు నాలుగు ఆదివారాలు. ఆ తర్వాత తోలచ్చు, చట్టం ఏమీ అనదు. గోడకి గీసుకుంటే మాత్రం మీ గోడ, మీ కారు, మీ డబ్బు."

ఆయన అప్పటికప్పుడు కొనలేదు. ఒప్పందం కూతురితో. మూడోవంతు తగ్గితే ఉంచుకో అంది. ఇప్పుడు తగ్గేది ఆరో వంతు. మాట మాటే.

ఆ సాయంత్రం అల్లుడు చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళాడు. "బాబూ, లైను లాగింది నేనే," అన్నాడు. నోట్‌బుక్ చూపించాడు. ఎర్ర అంకె సంగతి చెప్పాడు. క్షమించమనే మాట రాలేదు. ఆ తరం మగాళ్ళకి అది గొంతులో ఎక్కడో అడ్డం పడుతుంది. బదులుగా తాళం చెవి చేతికి ఇవ్వబోయాడు.

అల్లుడు నోట్‌బుక్ పేజీలు తిరగేశాడు. "అంటే మామయ్యా, ముప్పై ఏళ్ళలో ఎవరింటి కరెంటు బిల్లైనా ఎప్పుడైనా..."

"ఒక్కసారి కూడా తప్పు రాలేదు," అన్నాడు ఆయన, గట్టిగా.

"సరే, ఆ మాట చాలు." తాళం చెవి జేబులో వేసుకున్నాడు. నవ్వలేదు. నవ్వడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

కూతురు మెసేజ్ చదివి, నోట్‌బుక్ చదివి, ఇద్దర్నీ చూసి, ఈసారి కూర్చుంది. "ఆర్నెల్లలో రెండు వేల మూడొందలా? ఎక్కడ తిరిగావు నాన్నా?"

ఆయన చెప్పాడు. రైల్వే గేటు, రింగురోడ్డు, మంచాల షోరూం, సబ్బు, చెప్పులు. "మూడోవంతు తగ్గలేదు," అని కూడా తనే చెప్పాడు. "నువ్వన్నట్టే. అమ్మేద్దామంటే అమ్మేద్దాం."

ఆమె కాళ్ళు నొక్కుకుంది. "నేను నడవని కారు అనే కదా అమ్మమన్నాను," అంది. "ఇది నా కంటే ఎక్కువ నడుస్తోంది. ఇక ఆ మాట ఎలా అనను?"

"డబ్బు?"

"డబ్బు మాట అంటాను. రేపూ అంటాను, వచ్చే ఏడాదీ అంటాను. బుధవారాలు మానెయ్. వచ్చే ఏడాది మొదటే ఐదు వేలది తీసుకో, సోఫా కబుర్లు చెప్పకుండా." లేచింది. "రేపే వెళ్ళి కొను. నాలుగు ఆదివారాలున్నాయని కూర్చోకు."

మర్నాడు కొన్నాడు. ఆ ఆదివారం హోం ముందు కారు ఆపి, అక్కయ్యని ఎక్కించుకోకముందే షరతులు చదివాడు. ఆదివారం మాత్రమే. రింగురోడ్డు లేదు. ప్రతి కిలోమీటరూ లెక్కే.

ఆవిడ అంతా విని సీటు బెల్టు పెట్టుకుంది. "రైల్వే గేటు ఎంత దూరం?"

ఆయన నోరు తెరిచి, ముప్పావుగంటలాంటిదేదో చెప్పబోయి, ఆగాడు. మీటరు వైపు చూశాడు. "తెలీదే. చూసి చెప్పాలి."

"అయితే పద, చూద్దాం."

గేటు దాకా మూడు కిలోమీటర్లు. ఆవిడ గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతుంటే, ఆయన స్టీరింగు మీద నోట్‌బుక్ పెట్టుకుని రాశాడు. నాలుగు అంకెలు రాసి, ఆగి, ఐదోది కూడా రాశాడు.

"యాభై ఎనిమిది," అంది అక్కయ్య.

"అన్నీ లెక్కపెట్టావా? ఆఖరిది కూడా?"

"ఆఖరిది ఇంకా వెళ్ళలేదురా. అప్పుడే బండి తియ్యకు."

ఆయన ఇంజను ఎప్పుడో ఆపేశాడు.